ప్రతి దర్వాజా దగ్గరా తలాషీ

పెనుబల్లిలో మా ఖాలా కొడుకు ఒక చిన్న నెట్ సెంటర్ నడుపుతాడు. మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, ఒక లామినేషన్ మిషన్. అంతే దుకాణం. పోయిన నెల సత్తుపల్లి పోతూ మధ్యలో దిగి చాయ్ తాగుదామని అక్కడ కూర్చున్నాను. ఒక తండా నుంచి వచ్చిన డిగ్రీ చదివే అమ్మాయి స్కాలర్‌షిప్ ఫారం నింపుతోంది. ఒక పేజీ నింపి కింద బటన్ నొక్కుతుంది, గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంకో పేజీ, మళ్లీ గుండ్రం. నాలుగో పేజీకి వచ్చేసరికి సెషన్ అయిపోయింది, మొదటి నుంచి రమ్మంది. అలా రెండుసార్లయ్యాక ఆ అమ్మాయి లేచి, "అన్నా, లాస్ట్ బస్సు పోతది, రేపొస్తా" అని గంటకి డబ్బులిచ్చి వెళ్లిపోయింది. ఫారం పూర్తి కాలేదు. డబ్బులు మాత్రం పూర్తిగా ఇచ్చింది. ఆ డబ్బు ఆమె పని చేసినందుకు కాదు, ఎదురుచూసినందుకు.

"నెట్ స్లో భయ్యా, ఏం చేస్తాం" అన్నాడు మావాడు. "మిషన్లు కూడా బుడ్ఢీ అయిపోయినై. బాకీ తెచ్చైనా కొత్తవి కొనాలె."

నాకు షక్ వచ్చింది. ఎందుకంటే అదే వైఫై మీద నా ఫోన్లో అదే సైటు మూడు సెకన్లలో తెరుచుకుంది. లైన్ తప్పయితే ఫోన్‌కి కూడా తక్‌లీఫ్ ఉండాలి కదా. అతని కంప్యూటర్లోనే స్పీడ్ టెస్ట్ పెట్టించాను. అదీ బాగానే వచ్చింది. స్పీడ్ టెస్ట్ ఒకటి రెండు చోట్ల నుంచి పెద్ద మూటను లాగి చూస్తుంది, దారి ఎంత వెడల్పో చెబుతుంది. పేజీ అలా రాదు. అక్షరాలు, బొమ్మలు, ఫాంట్లు, స్క్రిప్టులు కలిపి అరవై డెబ్బై చిన్న చిన్న పొట్లాలుగా పది పన్నెండు చోట్ల నుంచి వస్తుంది. దారి ఎంత వెడల్పుగా ఉన్నా, ప్రతి పొట్లాన్నీ దర్వాజా దగ్గర ఆపి తలాషీ తీస్తుంటే లోపలికి రావడానికి టైం పడుతుంది.

ఆ తలాషీ తీసేవాడు ఎవడో చూద్దామని బ్రౌజర్లో అడ్రస్ పక్కనున్న గుర్తు దగ్గర నొక్కి సర్టిఫికెట్ తెరిచాను. సర్టిఫికెట్ ఎవరిచ్చారో చెప్పే చోట, "Issued By" కింద, మామూలుగా DigiCert, Let's Encrypt, Google Trust Services లాంటి పేర్లుంటాయి. అక్కడ మాత్రం అతను డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ పేరుంది. ఇంకో సైటు తెరిచాను, అదే పేరు. తన బ్యాంకు సైటు తెరవమన్నాను, అక్కడా అదే పేరు. మావాడు బిత్తరపోయాడు.

దీని వెనుక ఉన్న మామ్‌లా ఇది. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ HTTPS మీద నడుస్తాయి, అంటే చిట్ఠీ బంద్ లిఫాఫాలో వస్తుంది. మధ్యలో ఎవరూ చదవలేరు. యాంటీవైరస్ కూడా చదవలేదు. చదవాలంటే దానికున్న మామూలు దారి ఇది. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే తన సొంత మొహర్‌ని విండోస్‌లో నమ్మదగిన మొహర్ల జాబితాలో చేర్చుకుంటుంది. ఆ తరువాత బ్రౌజర్ ఏ సైటుకి పోయినా ముందు యాంటీవైరస్ చేతిలో పడుతుంది. అది సైటుతో ఒక లిఫాఫా తెరుస్తుంది, లోపల చదువుతుంది, ఇంకో లిఫాఫాలో పెట్టి తన మొహర్ వేసి బ్రౌజర్‌కి ఇస్తుంది. బ్రౌజర్ సరేనని తీసుకుంటుంది.

దీనికి పాత కంప్యూటర్ ఇచ్చే హర్జానా మూడు రకాలుగా ఉంటుంది. మొదటిది, ఒక్కసారి కావాల్సిన కరచాలనం రెండుసార్లవుతుంది. సైటుకీ యాంటీవైరస్‌కీ ఒకటి, యాంటీవైరస్‌కీ బ్రౌజర్‌కీ ఇంకొకటి. పది పన్నెండు చోట్ల నుంచి వచ్చే పేజీకి ఇది ప్రతిచోటా జరుగుతుంది. రెండవది, పొట్లం మొత్తం చేతికొచ్చి చూడటం అయ్యేదాకా ముందుకు వదలకుండా పట్టుకుంటుంది. బ్రౌజర్ అయితే వచ్చినంతవరకు గీసుకుంటూ పోయేది. మూడవది, ఈ మధ్య సైట్లు ఒకే దారిలో ఎన్నో పొట్లాలను కలిపి పంపే HTTP/2 పద్ధతి వాడతాయి. తలాషీ తీసే కొన్ని సాఫ్ట్‌వేర్లకు ఆ భాష రాదు. అవి పాత HTTP/1.1కి దింపేస్తాయి. అప్పుడు ఒక్కో సైటు నుంచి బ్రౌజర్ ఆరు చొప్పునే అడగగలదు, మిగిలినవి వరుసలో నిలబడతాయి.

కొత్త మిషన్లో ఇవన్నీ కలిపినా కంటికి ఆనవు. మావాడి మిషన్ కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. బ్రౌజర్, యాంటీవైరస్ రెండూ ఆ 2 జీబీ కోసం కొట్లాడుకుంటాయి. చోటు చాలక విండోస్ సామాన్లను డిస్క్ మీదికి మోస్తుంది, మళ్లీ తెస్తుంది. డిస్క్ లైట్ ఆరకుండా వెలుగుతుంటే, జరుగుతున్నది అదే అనుకోవచ్చు.

ఇది చాలదన్నట్టు ఇంకో చౌకీదార్ కూడా ఉన్నాడు. స్కూలు పిల్లలు వస్తారు కాబట్టి గందీ సైట్లు రాకుండా బ్రౌజర్లో ఒక ఫిల్టర్ ఎక్స్‌టెన్షన్ పెట్టాడు. నియ్యత్ మంచిదే. పిల్లల్ని పంపే అమ్మీ అబ్బాలు అతన్ని నమ్మి పంపుతున్నారు, అదొక అమానత్. కానీ ఆ ఎక్స్‌టెన్షన్ ప్రతి పేజీకి ముందు తన కంపెనీ సర్వర్‌ని ఇజాజత్ అడుగుతుంది, పేజీ వచ్చాక మాటలన్నీ వెతుకుతుంది. యాంటీవైరస్ వెతికిందాన్నే మళ్లీ వెతకడం.

ఊరికే అనుకుంటే లాభం లేదు, కొలవాలి. F12 నొక్కి Network అనే చోట "Disable cache" టిక్ పెట్టాం. లేకపోతే రెండోసారి పేజీ దాచుకున్న దాంట్లోంచి వచ్చి మోసం చేస్తుంది. ఒకే పేజీని ఐదుసార్లు తెరిచి, కింద చూపే "Load" టైంలో మధ్యది రాసుకున్నాం. అన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు 21 సెకన్లు. ఫిల్టర్ ఎక్స్‌టెన్షన్ ఆపితే 16. యాంటీవైరస్‌లో లిఫాఫాలు విప్పే పని ఒక్కటే ఆపితే 7. చివరికి యాంటీవైరస్‌నే కాసేపు మొత్తం ఆపి చూశాం, ఆరున్నర. వెంటనే మళ్లీ ఆన్ చేశాం. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి, లేకపోతే కసూర్ ఎవరిదో తేలదు.

ఈ లెక్కలో నాకు కావాల్సిన జవాబు చివరి రెండు అంకెల్లో ఉంది. ఏడుకీ ఆరున్నరకీ తేడా అర సెకను. అంటే ఫైళ్లను కాపాడే పని, డిస్క్ మీదికి ఏది వచ్చినా చూసే పని, ఈ పేజీకి దాదాపు ఏమీ ఖర్చు పెట్టడం లేదు. దాన్ని ఆపకూడదు. మావాడి దుకాణానికి వైరస్ వచ్చేది వెబ్ పేజీల నుంచి తక్కువ, పిల్లగాళ్లు ప్రాజెక్టు రిపోర్టులు, శాదీ కార్డులు ప్రింట్ తీయించడానికి తెచ్చే పెన్‌డ్రైవ్‌ల నుంచి ఎక్కువ. ఆ దర్వాజా దగ్గర కాపలా ఉండాల్సిందే. వెబ్ నుంచి ఏదైనా దిగినా డిస్క్ మీద పడగానే ఈ కాపలాయే చూస్తుంది.

కాబట్టి ఆపాల్సింది సెట్టింగ్స్‌లో ఉన్న ఒక్క టిక్. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది: "HTTPS scanning", "SSL/TLS protocol filtering", "Encrypted connections scanning". ఆపాక బ్రౌజర్ మూసి తెరిచి, సర్టిఫికెట్ మళ్లీ చూడాలి. అసలు పేరు తిరిగి వస్తేనే ఆగినట్టు. దానికి బదులుగా క్రోమ్‌లో Privacy and security, తరువాత Security లోకి పోయి "Standard protection" ఆన్‌లో ఉందో లేదో చూశాం. అది లిఫాఫా విప్పదు, పోతున్న చిరునామా చెడ్డవాళ్ల జాబితాలో ఉందా అని చూస్తుంది.

పిల్లల ఫిల్టర్‌ని తీసేయలేదు, జాగా మార్చాం. రౌటర్లో డీఎన్‌ఎస్ దగ్గర ఈ రెండు అంకెలు పెట్టాం:

```
1.1.1.3
1.0.0.3
```

క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ 2020లో కుటుంబాల కోసం ఉచితంగా తెచ్చింది ఇది. గందీ సైట్ల పేరు అడిగితే అడ్రసే చెప్పదు. పొట్లం పొట్లానికీ కాదు, సైటు పేరుకి ఒక్కసారి అడిగితే సరిపోతుంది. మూడు మిషన్లకీ ఒకేసారి పనిచేస్తుంది. దీనికీ హద్దులున్నాయి. మంచి సైటు లోపలున్న చెడ్డ పేజీని ఇది పట్టలేదు. బ్రౌజర్లో "Use secure DNS" అనే చోట వేరే కంపెనీని ఎంచుకుంటే దీన్ని దాటేయొచ్చు, కాబట్టి అక్కడ కూడా చూసుకోవాలి. తెలివైన పిల్లాడు దారి వెతుక్కుంటాడు. కానీ ఆ ఎక్స్‌టెన్షన్‌ని కూడా ఇన్‌కాగ్నిటో విండోతో దాటేయగల పిల్లాడు వాడు.

నాతో బహస్ చేసేవాళ్లు ఒక మాటంటారు: తలాషీ తీస్తే నుక్సాన్ ఏముంది, కొంచెం లేటైతే అవనీ, హిఫాజత్ ముఖ్యం కదా అని. నుక్సాన్ ఉంది. లిఫాఫా విప్పేవాడు బ్రౌజర్ కన్నా జాగ్రత్తగా ఉండాలి, ఎప్పుడూ ఉండడు. 2017లో అమెరికా పరిశోధకులు ఈ సాఫ్ట్‌వేర్లను పరీక్షిస్తే చాలావరకు కనెక్షన్‌ని ముందుకన్నా బలహీనం చేస్తున్నాయని తేలింది. అదే ఏడాది మొజిల్లాలో పనిచేసి బయటికి వచ్చిన ఇంజనీరు రాబర్ట్ ఓకాలహన్, మైక్రోసాఫ్ట్ ఇచ్చేది తప్ప మిగతా యాంటీవైరస్‌లు తీసేయమని బాహాటంగా రాశాడు. నేను అంత దూరం పోను. పెన్‌డ్రైవ్‌ల దుకాణంలో అది తొందరపాటు.

ఒక్క చోట మాత్రం నా సలహా చెల్లదు. విండోస్ 7 మీద ఉన్నవాళ్లకు క్రోమ్ 109తోనే, 2023లో, ఆగిపోయింది. బ్రౌజర్‌కే మరమ్మతులు రాని ఇంట్లో వెబ్ తలాషీ కొంత అడ్డు పడుతుంది. కానీ అలాంటి మిషన్ మీద బ్యాంకు పని చేయడమే తప్పు, ఆ టిక్ ఉన్నా లేకున్నా.

నా షికాయత్ ఆ టిక్ పెట్టి అమ్మేవాళ్ల మీద. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు మిషన్‌లో ఎంత ర్యామ్ ఉందో సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. 2 జీబీ అని తెలిసి కూడా అన్నీ ఆన్ చేసి, నీ బ్యాంకు చిట్ఠీలు కూడా విప్పుతానని ఎక్కడా పెద్ద అక్షరాల్లో చెప్పకుండా పోవడం ఇన్సాఫ్ కాదు. చెప్పాలి, అడగాలి, పాత మిషన్లో ఆ టిక్ లేకుండా ఉంచాలి. కొత్త లాప్‌టాప్ ఉన్నవాడికి ఇది తెలియను కూడా తెలియదు. గంటకింత అని కట్టి కూర్చునేవాళ్లే దీని ఖర్చు భరిస్తున్నారు.

ఆ అమ్మాయి మర్నాడు వచ్చిందట. ఫారం ఒక్కసారిలో అయిపోయిందట. ముందురోజు డబ్బులు వాపస్ ఇవ్వబోతే తీసుకోలేదని, ప్రింట్ మాత్రం ఫ్రీగా ఇచ్చానని మావాడు ఫోన్ చేశాడు. కొత్త కంప్యూటర్ల బాకీ మాట ఇప్పుడు ఎత్తడం లేదు. ర్యామ్ ఇంకో 2 జీబీ వేయిస్తే ఎంతవుతుందో ఖమ్మంలో కనుక్కోమన్నాడు.