ఆల్కహాల్ నీళ్లలో కలిస్తే ఏమవుతుంది? ఖాళీల కథకు ఒక ఖండన

యాభై మిల్లీలీటర్ల ఇథనాల్‌లో యాభై మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే వంద రాదు. 20 డిగ్రీల దగ్గర కొలిస్తే దాదాపు 96.5 వస్తుంది. ఇది నిజం, ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు. కానీ దీనికి బడిలో చెప్పే కారణం మాత్రం సరికాదు. శనగల డబ్బాలో ఆవాలు పోస్తే సందుల్లోకి జారిపోతాయి కదా, అలాగే పెద్ద ఇథనాల్ అణువుల మధ్య ఖాళీల్లో చిన్న నీటి అణువులు దూరతాయంటారు. వినడానికి ఎంత బాగుందో, లెక్కకు నిలబెడితే అంత తొందరగా కూలిపోతుంది.

ముందు కొలత గురించి ఒక మాట. ఈ రెండూ కలిసినప్పుడు వేడి పుడుతుంది, సన్నని బుడగలు కూడా లేస్తాయి. ఆ వేడి మీదే జాడీ చూసి అంకె రాసుకుంటే తగ్గుదల తక్కువగా కనిపిస్తుంది. మూతపెట్టి, మళ్లీ 20 డిగ్రీలకు చల్లార్చాకే చూడాలి. అసలు పద్ధతి తూకం: మిశ్రమం సాంద్రత కొలిచి, దాని నుంచి ఘనపరిమాణం రాబట్టడం. శనగల్లో ఆవాలు పోస్తే డబ్బా వేడెక్కదన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుంచుకోండి.

ఇప్పుడు లెక్క. యాభై మిల్లీలీటర్ల ఇథనాల్ అంటే 0.857 మోల్, నీళ్లు 2.77 మోల్. విడిగా ఉన్నప్పుడు ఒక మోల్ ఇథనాల్ 58.4 మిల్లీలీటర్లు, ఒక మోల్ నీరు 18.05 మిల్లీలీటర్లు ఆక్రమిస్తాయి. మిశ్రమంలో ఎంత? ఈ ప్రశ్నకు జవాబే పాక్షిక మోలార్ ఘనపరిమాణం. ఇదే పాళ్లలో కలిపిన ద్రవం పెద్ద ట్యాంకు నిండా ఉందనుకోండి. అందులో ఒక మోల్ ఇథనాల్ పోసినా పాళ్లు మారినట్టు తెలియదు. అప్పుడు మట్టం ఎంత పెరిగిందో అదే ఇథనాల్ పాక్షిక మోలార్ ఘనపరిమాణం. సాంద్రత పట్టికల నుంచి లెక్కకడితే మన మిశ్రమంలో ఇథనాల్‌కు సుమారు 56.1, నీటికి 17.48 వస్తాయి. మోల్‌లతో గుణిస్తే ఇథనాల్ వాటా 48.1, నీటి వాటా 48.4. కూడితే 96.5, కొలిచిన అంకెతో సరిపోయింది.

ఆ రెండు వాటాలను పక్కపక్కన పెట్టి చూడండి. నీరు సందుల్లో దూరి ఉంటే తగ్గాల్సింది నీటి వాటా, ఇథనాల్ వాటా యాభై దగ్గరే ఉండాలి. కానీ రెండూ తగ్గాయి, పైగా ఇథనాలే కాస్త ఎక్కువ తగ్గింది. మరి ఎవరి సందులో ఎవరు దూరినట్టు?

ఇంకా ఇబ్బంది ఉంది. ఇథనాల్‌ను అతి కొద్దిగా నీళ్లలో వేస్తే దాని పాక్షిక మోలార్ ఘనపరిమాణం 55 దగ్గర మొదలవుతుంది. ఆల్కహాల్ బరువులో 15 శాతం చేరేసరికి సుమారు 53కి దిగి, ఆ తర్వాత పెరుగుతూ 58.4 వైపు వెళ్తుంది. ఆ కనిష్ఠం దగ్గరే నీటి అంకె స్వచ్ఛమైన నీటి అంకెను స్వల్పంగా దాటుతుంది. ఇది యాదృచ్ఛికం కాదు, గిబ్స్–డ్యూహెమ్ సంబంధం ప్రకారం ఒకటి దిగితే రెండోది ఎక్కక తప్పదు. ఈ ఎగుడుదిగుడు గీత ఏ సందుల కథలో పుడుతుంది? అణువు పరిమాణం మారలేదు, మారింది దాని చుట్టూ ఉన్న అమరిక. నీటిలో హైడ్రోజన్ బంధాల వల ఎంత వదులుగా ఉందో, ఇథనాల్ తోక చుట్టూ అది ఎలా సర్దుకుందో, అదంతా పాళ్లను బట్టి మారుతుంది.

ఖాళీలకు అసలు పాత్రే లేదనను. నీటి అమరిక వదులుగా ఉంటుంది కాబట్టి కుదించుకోవడానికి వీలుంది. కానీ పరిమాణాల తేడా ఒక్కటే కారణమైతే ఇథనాల్‌ను హెప్టేన్‌తో కలిపినా తగ్గాలి, ఎందుకంటే హెప్టేన్ అణువు ఇథనాల్ కంటే చాలా పెద్దది. తగ్గదు సరికదా, కాస్త పెరుగుతుంది. అక్కడ ఇథనాల్ అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు తెగుతాయి, హెప్టేన్ వాటి బదులు ఏమీ ఇవ్వదు.

చివరి సాక్ష్యం మెగ్నీషియం సల్ఫేట్. బాగా పలుచని నీటి ద్రావణంలో దాని పాక్షిక మోలార్ ఘనపరిమాణం సుమారు −1.4 మిల్లీలీటర్లు. అంటే ఉప్పు వేశాక నీటి మట్టం వేయకముందు కంటే దిగుతుంది. అయాన్ల విద్యుదావేశం చుట్టూ ఉన్న నీటిని దగ్గరికి లాగి బిగిస్తుంది. సందులు పూర్తిగా నిండినా, వేసిన పదార్థం అదనంగా ఆక్రమించే చోటు మహా అయితే సున్నా అవుతుంది, సున్నా కిందికి పోదు. కాబట్టి పాఠం చెప్పేవాళ్లు ఆవాల డబ్బా చూపించి ఊరుకోకుండా, ఈ రుణ సంఖ్య ఎలా వచ్చిందో పిల్లల్ని అడగాలి.