పచ్చ టిక్కు పడింది, అంకె మాత్రం పాతదే

సర్వర్ అక్కర్లేదు, డేటాబేస్ అక్కర్లేదు, నెల తిరిగేసరికి బిల్లు రాదు. రోజుకోసారి మారే అంకెలను జనానికి చూపించాలంటే స్టాటిక్ హెచ్‌టీఎంఎల్ పేజీని మించింది లేదని నేనూ నమ్ముతాను. పొద్దున్నే ఒక స్క్రిప్టు నడుస్తుంది, ఎక్కడో ఉన్న డేటాను తెస్తుంది, పేజీని మళ్లీ కట్టి హోస్టింగ్ సైటుకు పంపిస్తుంది. ఆ తర్వాత వెయ్యిమంది చూసినా లక్షమంది చూసినా కట్టిపెట్టిన ఫైలే అందరికీ వెళ్తుంది. నా పేచీ అంతా ఈ సుగుణంలోంచే పుట్టే ఒక లోపంతో. మామూలు వెబ్‌సైటు వెనక డేటాబేస్ ఆగిపోతే తెరమీద ఎర్రర్ కనిపిస్తుంది. స్టాటిక్ పేజీ వెనక ఏది ఆగిపోయినా పేజీ నిన్నటిలాగే నిక్షేపంగా తెరుచుకుంటుంది. పంచాయతీ నోటీసు బోర్డు మీద సుద్దతో రాసిన అంకెలాంటిదది. రాసినవాడు ఊళ్లో లేకపోయినా చెరిగిపోదు.

కృష్ణా జలాశయాల సంగతే తీసుకుందాం. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590. వానాకాలంలో ఇవాళ్టి మట్టం ఈ అంకెలకు ఎంత దూరంలో ఉందన్నది ఆయకట్టు రైతుకూ కావాలి, డాలస్‌లో ఉన్న వాళ్లబ్బాయికీ కావాలి. ఒక చిన్న బృందం ఇందుకోసం డ్యాష్‌బోర్డ్ పెట్టిందనుకోండి. ఒకరు రోజూ ఉదయం 8 గంటల మట్టాన్ని ఆన్‌లైన్ షీట్‌లో ఎక్కిస్తారు. గిట్‌హబ్ యాక్షన్స్‌లో పెట్టిన వర్క్‌ఫ్లో ఆ షీట్‌ను సీఎస్‌వీగా దించుకుని, పైథాన్ స్క్రిప్టుతో `index.html` రాసి, గిట్‌హబ్ పేజెస్‌కు పంపుతుంది. ఇంతకు మించి యంత్రాంగం ఏమీ లేదు. ఇంత చిన్న దానిలో పేజీ అబద్ధం చెప్పడానికి ఎన్ని దారులున్నాయో చూద్దాం.

మొదటిది గడియారం. వర్క్‌ఫ్లో ఎప్పుడు నడవాలో చెప్పే వరుస ఇది:

```yaml
on:
  schedule:
    - cron: '7 3 * * *'
```

మొదటి అంకె నిమిషం, రెండోది గంట. ఇక్కడ లెక్క యూటీసీలో ఉంటుంది. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు కాబట్టి ఈ వరుసకు అర్థం మన ఉదయం 8.37. తెలియక `30 8` అని రాస్తే అది మధ్యాహ్నం రెండింటికి నడుస్తుంది. నిమిషం దగ్గర సున్నా పెట్టకుండా 7 పెట్టడానికీ కారణం ఉంది. గంట కొట్టగానే నడవమని ప్రపంచమంతా రాసిపెట్టుకుంటుంది. ఆ రద్దీలో పని ఆలస్యం కావచ్చని, రద్దీ మరీ ఎక్కువైతే కొన్ని పనులు అసలు నడవకుండా పోవచ్చని గిట్‌హబ్ తన పత్రాల్లోనే చెబుతుంది. అంటే ఈ షెడ్యూలు ఒక వినతి మాత్రమే, హామీ కాదు. దీన్ని గుర్తుపెట్టుకుంటే తర్వాతి నిర్ణయాలన్నీ తేలికవుతాయి.

రెండో దారి, చెత్త డేటా చక్కటి పేజీగా మారిపోవడం. డేటాను దించుకునే `curl` కమాండుకు ఒక అలవాటుంది. అవతలి సర్వర్ 404 అన్నా 500 అన్నా, ఆ ఎర్రర్ పేజీనే ఫైల్లో రాసుకుని పని విజయవంతమైందని చెప్పేస్తుంది. వర్క్‌ఫ్లో ముందుకు సాగుతుంది. అందుకే `curl --fail` అని రాయాలి. అది కూడా అన్నిటికీ మందు కాదు. కొన్ని సైట్లు 'ముందు లాగిన్ అవ్వండి' అనే పేజీని కూడా 200తో, అంటే అంతా సవ్యమేనన్న సంకేతంతో పంపిస్తాయి. కాబట్టి పేజీ కట్టే స్క్రిప్టే ముందు డేటాను తనిఖీ చేయాలి: ఉండాల్సిన నిలువు వరుసలు ఉన్నాయా, రెండు జలాశయాలూ ఉన్నాయా, తేదీ ఇవాళ్టిదేనా, మట్టం సంఖ్యేనా. ఏది తప్పినా స్క్రిప్టు అక్కడే ఆగి, బిల్డ్ విఫలం కావాలి.

ఇలా విఫలమైతే పేజీ ఏమవుతుందని కంగారు పడనక్కర్లేదు. కొత్త పేజీ పూర్తిగా సిద్ధమై అందేదాకా హోస్టింగ్ సైటు పాతదాన్నే చూపిస్తుంది. సగం కట్టిన పేజీ కన్నా నిన్నటి పూర్తి పేజీ మేలు. 'ఉన్నంతవరకు చూపిద్దాం' అంటూ ఒక జలాశయం గడి ఖాళీగా పెట్టి పంపేవారితో నేను ఏకీభవించను. ఖాళీ గడిని గ్రాఫు సున్నాగా గీసిందంటే, ఆ గీతను చూసినవాడు జలాశయం ఎండిపోయిందనుకుంటాడు.

తనిఖీ పెట్టేటప్పుడు మాత్రం ఒక చోట చేయి అదుపులో పెట్టుకోవాలి. పూర్తి మట్టం 885 కదా, అంతకు మించిన అంకె వస్తే తప్పుడు ఎంట్రీ అని తోసేద్దామనిపిస్తుంది. 2009 అక్టోబర్ మొదట్లో వచ్చిన వరదలో శ్రీశైలం దగ్గర నీరు 885 దాటి దాదాపు 896 అడుగులకు చేరింది. ఈ తనిఖీ ఆనాడు ఉండి ఉంటే, జనం అత్యంత ఆత్రంగా చూసే రోజునే డ్యాష్‌బోర్డ్ నిజాన్ని తప్పని తిప్పికొట్టేది. ఒక్క రోజులో ఇన్ని అడుగులకు మించి మారకూడదన్న షరతుకూ ఇదే గతి. వరదంటేనే అలా మారడం. అసాధారణమైనదాన్ని కాదు, అసాధ్యమైనదాన్ని ఆపాలి. 872.4 అని కొట్టబోయి చుక్క మరిచి 8724 అని కొట్టడం అసాధ్యం కిందికి వస్తుంది, 87.24 కూడా అంతే. శ్రీశైలానికి 700 నుంచి 1,000 మధ్య ఏ అంకెనైనా రానిస్తే ఈ రెండు పొరపాట్లూ పట్టుబడతాయి, 2009 లాంటి వరదా దాటిపోతుంది.

మూడో దారి పేజీ కింద కనిపించే 'చివరిగా అప్‌డేట్ చేసిన సమయం'. చాలా పేజీల్లో ఆ సమయం బిల్డ్ నడిచిన క్షణం, డేటా పుట్టిన క్షణం కాదు. షీట్‌లో ఎక్కించే మనిషి నాలుగు రోజులు సెలవు పెట్టాడు, స్క్రిప్టులో తేదీ తనిఖీ లేదు అనుకోండి. బిల్డ్ రోజూ నడుస్తుంది, రోజూ పచ్చ టిక్కు పడుతుంది, పేజీ మీద ఇవాళ్టి తేదీతో నాలుగు రోజుల కిందటి మట్టం కనిపిస్తుంది. పాత అంకెకు పాత తేదీ ఉంటే చదివేవాడు జాగ్రత్త పడతాడు. కొత్త తేదీ తగిలిస్తే అతని చేతిలోని ఆ ఒక్క రక్షణనూ మనమే లాక్కున్నట్టు. పేజీ మీద రాయాల్సింది మట్టం కొలిచిన సమయం. బిల్డ్ సమయం తయారీదారుకే ఉపయోగం. అది లాగ్‌లో ఉంటే చాలు.

నాలుగోది అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఇక్కడ అసలేదీ నడవదు. పబ్లిక్ రెపోలో 60 రోజుల పాటు ఎలాంటి కదలికా లేకపోతే గిట్‌హబ్ షెడ్యూలు వర్క్‌ఫ్లోలను దానంతటదే ఆపేస్తుంది. మన బృందం జూన్ 10న చివరి మార్పు చేసి, అంతా బాగుందని వదిలేసిందనుకోండి. పేజీ ప్రతిరోజూ మారుతూనే ఉన్నా, రెపోలో కమిట్ పడదు కాబట్టి అది కదలిక కింద లెక్కకు రాదు. 60 రోజులంటే ఆగస్టు 9. శ్రీశైలానికి వరద వచ్చే రోజుల్లో డ్యాష్‌బోర్డ్ నిద్రపోతుంది. ఇక మామూలుగా బిల్డ్ విఫలమైతే వచ్చే మెయిల్ సంగతి: షెడ్యూలు వర్క్‌ఫ్లోల విషయంలో అది దాన్ని మొదట పెట్టిన వ్యక్తికి, లేదా క్రాన్ వరుసను చివరగా మార్చిన వ్యక్తికి వెళ్తుంది. ఆ వ్యక్తి వేరే ఉద్యోగానికి వెళ్లిపోయి ఉంటే కబురు మిగతావారికి చేరదు.

దీనికొక విరుగుడుంది. ప్రతి బిల్డ్‌లోనూ ఆ రోజు సీఎస్‌వీని రెపోలో కమిట్ చేయించడం. కదలికా ఉంటుంది, రోజువారీ మట్టాల చరిత్రా ఉచితంగా పోగవుతుంది. ఒక్క మెలిక ఉంది: వర్క్‌ఫ్లో తనకిచ్చిన `GITHUB_TOKEN`తో చేసిన పుష్ మరో వర్క్‌ఫ్లోను లేపదు. 'పుష్ జరిగితే పేజీ పంపు' అని వేరే వర్క్‌ఫ్లో పెట్టుకుని ఎదురుచూస్తే అది ఎప్పటికీ రాదు. కమిట్ చేయడం, పేజీ పంపడం ఒకే వర్క్‌ఫ్లోలో ఉండాలి.

అయినా నా అసలు వాదన ఇది కాదు. నడవని బిల్డ్ తాను నడవలేదని చెప్పలేదు. ఎన్ని తనిఖీలు రాసినా అవన్నీ ఆ బిల్డ్ లోపలే ఉంటాయి, దానితోపాటే పడుకుంటాయి. పేజీ వయసును లెక్కకట్టగలిగేది అప్పటికి మేలుకొని ఉన్న ఒకే ఒక్క యంత్రం, అంటే చదివేవాడి బ్రౌజర్. దానికి ఈ నాలుగు ముక్కలు చాలు:

```html
<time id="kolata" datetime="2026-08-14T08:00:00+05:30">
  ఆగస్టు 14, ఉదయం 8 గంటలు</time>
<p id="gamanika"></p>
<script>
const t = document.getElementById("kolata").dateTime;
const gantalu = (Date.now() - Date.parse(t)) / 3600000;
if (gantalu > 30)
  document.getElementById("gamanika").textContent =
    "హెచ్చరిక: ఈ మట్టాలు పాతవి";
</script>
```

తేదీని బిల్డ్ రాస్తుంది. వయసును మాత్రం పేజీ తెరిచిన ప్రతిసారీ బ్రౌజర్ లెక్కిస్తుంది. 24 కాకుండా 30 గంటలు ఎందుకంటే, నిన్న 8 గంటల కొలతకు ఇవాళ 8 దాటేసరికే 24 నిండుతాయి, కొత్త పేజీ 8.37కు ముందు రాదు. ఆలస్యాలకు మధ్యాహ్నం రెండింటిదాకా గడువిచ్చి, అప్పటికీ రాకపోతే చెప్పమంటున్నాం. చివరనున్న `+05:30`ను వదిలేయకూడదు. అది లేకపోతే బ్రౌజర్ ఆ 8 గంటలను తానున్న ఊరి 8 గంటలనుకుంటుంది. వేసవిలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక; అక్కడివాళ్లకు హెచ్చరిక అన్ని గంటలు ఆలస్యంగా కనిపిస్తుంది.

సొంత పేజీ మీద 'ఇది పాతది' అని పెద్దక్షరాలతో రాసుకుంటే పరువు పోతుందని కొందరంటారు. నా లెక్కలో పరువు పోయేది అది రాయనప్పుడే. గేట్లు ఎత్తారని టీవీలో చూసినవాడు మన పేజీలో ఇంకా 860 అడుగులే చూస్తే, రేపు సరైన అంకె పెట్టినా మళ్లీ రాడు.

కాబట్టి ఇలాంటి డ్యాష్‌బోర్డ్‌ను నలుగురికీ పంచేముందు నేనడిగే పరీక్ష ఒకటే. షెడ్యూలును మీ చేత్తో మీరే ఆపేసి, రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు పేజీ తెరవండి. ఆగిపోయిన సంగతి పేజీ తనంతట తాను చెబితే పంచండి. మొన్నటి అంకెను ఇవాళ్టిదన్నట్టు చూపిస్తుంటే, బిల్డ్ ఎంత బాగా నడిచినా ఆ పని ఇంకా పూర్తి కానట్టే.