తేదీల గడి

ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫలితాలను football-data.co.uk నుంచి దించుకొని, పట్టికలను సవరించే పైథాన్ లైబ్రరీ అయిన పాండాస్‌తో భద్రపరిచేవారు ముందుగా సరిచూడవలసింది తేదీల గడినే. 2023 ఆగస్టు 11న బర్న్‌లీపై మాంచెస్టర్ సిటీ 3-0తో గెలిచిన మ్యాచ్ అక్కడ 11/08/2023గా ఉంటుంది; రోజే ముందని చెప్పకపోతే పాండాస్ దానిని నవంబరు 8గా చదువుతుంది, పాత వెర్షన్లయితే పదమూడో నెల లేదు గనుక 13/08ని మాత్రం సరిగ్గా చదివి, తప్పునూ ఒప్పునూ ఒకే వరుసలో కలిపేస్తాయి. కోవిడ్ వల్ల సాగిన 2019-20ని మినహాయిస్తే, సాధారణంగా ఆగస్టులో మొదలై మే నెలలో ముగిసే సీజన్‌లో జూన్, జూలై మ్యాచ్‌లు కనిపించడమే ఈ తప్పుకు ఆనవాలు. అందుచేత `format="%d/%m/%Y"` అని స్పష్టంగా చెప్పి చదివించాలి; దించిన ఫైలును ముట్టుకోకుండా ఉంచి, సరిచేసిన పట్టికను తేదీని తేదీగానే నిలుపుకొనే పార్కే ఫైలులో విడిగా దాచాలి.