కెమెరా కన్నా కూలి ముందు
జానపద గేయాల సేకరణకు గ్రాంటు అడిగే చాలా దరఖాస్తుల్లో కెమెరాకు, ప్రయాణాలకు పద్దులుంటాయి గానీ పాడేవాళ్ల కూలికి ఉండదు. తెలంగాణ నాట్ల పాటనే తీసుకోండి. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఆమెనొక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి రికార్డు చేస్తే, నారు నాటే చేతుల లయా పోతుంది, అందుకునే గొంతులూ పోతాయి. కాబట్టి వానాకాలం నాట్లప్పుడు మడి దగ్గరికే వెళ్లాలి. ఎత్తుకునే ఆమెకొక మైకు, అందుకునేవాళ్లకు మరొకటి పెట్టాలి. ఎకరానికింతని గుత్తకు నాటేవాళ్లు మనకోసం నెమ్మదిస్తే ఆ రోజు సంపాదన తగ్గుతుంది. అందుకే నా లెక్కలో మొదటి పద్దు అక్కడున్న అందరికీ కూలి; రెండోది ఆ యాస తెలిసిన మనిషితో పాట రాయించడం, ఎందుకంటే గంట రికార్డింగును మళ్లీమళ్లీ విని రాయడానికి ఒక రోజు చాలదు. కెమెరా ఆ తర్వాతే. గ్రాంటు ఇచ్చేవాళ్లు డబ్బు జూన్‌లోపే విడుదల చేయాలి. వానాకాలం నాట్లు అయిపోయాక వస్తే యాసంగి నాట్ల దాకా ఆగాల్సిందే.