చెట్టు పేరు కాదు.. చెట్టు తీరు!

మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం వైపు వెళ్తే పాకాల అభయారణ్యం మొదలవుతుంది. టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి, బూరుగు.. ఆకురాల్చే అడవి. అందులో రెండు ముక్కలు తీసుకుందాం. రెండింట్లోనూ నాలుగేసి జాతుల చెట్లే ఉన్నాయి. మొదళ్ల మందమూ, ఎత్తూ రెండుచోట్లా దాదాపు ఒక్కటే. మరి గాల్లోని బొగ్గుపులుసు వాయువును పీల్చి చెక్కగా మార్చి దాచడంలో రెండూ సమానమేనా? జాతుల జాబితా చూస్తే సమానమే. తూకం వేస్తే కాదు!

ఎందుకంటే అడవి పని చేసేది చెట్టు పేరు కాదు, చెట్టు తీరు. చెక్క గట్టిదా, బోలుదా? ఆకు దళసరా, పలచనా? వేరు లోతుకు దిగుతుందా, పైపైనే పాకుతుందా? ఇలా కొలవగలిగి, పనిమీద ప్రభావం చూపే గుణాలనే శాస్త్రవేత్తలు ‘పనితీరు లక్షణాలు’ అంటారు. ఒక చోట జరిగే పనిని ఎక్కువగా నిర్ణయించేది అక్కడ ఎక్కువ వాటా ఉన్న జాతుల లక్షణాలేనని బ్రిటన్ శాస్త్రవేత్త గ్రైమ్ 1998లో ప్రతిపాదించారు. అంటే, జాతులు ఎన్ని అన్నదానికన్నా ఏ లక్షణం ఎంత వాటాలో ఉంది అన్నదే ముఖ్యమన్నమాట.

దీన్ని తేల్చడానికి మొదట ‘ఏ పని’ అన్నది ఎంచుకోవాలి. ఇక్కడ మన పని కర్బనం దాచడం. దానికి సంబంధించిన లక్షణం చెక్క సాంద్రత. చెట్టు నుంచి చిన్న చెక్కముక్క తీసి నీళ్లలో ముంచితే ఎంత నీరు పక్కకు జరిగిందో అదే దాని ఘనపరిమాణం. తర్వాత దాన్ని బరువు ఇక తగ్గనంతవరకూ సుమారు 105 డిగ్రీల వేడిలో ఆరబెట్టి తూచాలి. ముక్క 20 ఘన సెంటీమీటర్లుండి 15 గ్రాములు తూగితే, సాంద్రత 0.75. ఒక్కో జాతిలో కనీసం అయిదారు చెట్లనైనా ఇలా కొలిచి సగటు వేయాలి.

తర్వాత వాటాలు. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో ప్రతి చెట్టు చుట్టుకొలత తీసుకుని, దాని వర్గాన్ని 12.57తో భాగిస్తే మాను అడ్డుకోత వైశాల్యం వస్తుంది. మొత్తంలో ఏ జాతిది ఎంత శాతమో దాంతో తెలుస్తుంది.

లెక్క కోసం మొదటి ముక్కలో చిరుమాను 40 శాతం, నల్లమద్ది 30, టేకు 20, తునికి 10 అనుకుందాం. సాంద్రతలు సుమారుగా 0.8, 0.75, 0.6, 0.7. ఒక్కోదాన్నీ దాని వాటాతో హెచ్చవేసి కలిపితే 0.735. రెండోదాంట్లో బూరుగు 40 శాతం, టేకు 30, అందుగు 20, కొండగోగు 10. సాంద్రతలు 0.35, 0.6, 0.5, 0.25. కలిపితే 0.445 మాత్రమే. జాతులు నాలుగూ నాలుగే అయినా, మొదటి ముక్క మానుల్లో ఒకటిన్నర రెట్లకు పైగా బరువైన చెక్క ఉంది!

అలాగని పేర్లను పక్కన పారేయకూడదు. ఇలాంటి ముక్కలు పదుల సంఖ్యలో కొలిచాక రెండు లెక్కలు వేయాలి. ముందు లక్షణాల సగటుతో పనిని ఎంతవరకు వివరించగలమో చూడాలి. తర్వాత దానికి జాతుల పేర్లు కలపాలి. కలిపినా వివరణ పెద్దగా పెరగకపోతే ఆ లక్షణమే చాలు. బాగా పెరిగితే మాత్రం ఆ పేరు వెనక మనం కొలవని మరో లక్షణమేదో దాగుందని అర్థం. నేలకు నత్రజని అందించే గుణం, చెదలకు లొంగని చెక్క.. అలాంటివి.

తప్పులు జరిగేదీ ఇక్కడే. ఎక్కడో కొలిచిన అంకెను పుస్తకంలోంచి తెచ్చి ఇక్కడి చెట్టుకు అతికిస్తే లెక్క తప్పవచ్చు. నేల, వాన, వయసును బట్టి ఒకే జాతిలోనూ సాంద్రత మారుతుంది. రాతినేలలో గట్టి చెక్క చెట్లే నిలిచాయనుకోండి, తేడా నేలదా, లక్షణానిదా అన్నది తెలియదు. అందుకే మట్టినీ చెట్ల వయసునూ లెక్కలో కలపాలి.

ఇంకో సంగతి. ఒక పనికి పనికొచ్చిన లక్షణం మరో పనికి సరిపోకపోవచ్చు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి-మేడారం అడవిలో పెనుగాలికి వేలాది చెట్లు ఒక్కరోజే నేలకొరిగాయి. గాలిని తట్టుకోవడమనే పని గురించి అడిగేటప్పుడు చెక్క సాంద్రత ఒక్కటే చాలదు. వేరు ఎంత లోతుకు దిగింది, కింద మట్టి ఎంత మందం, కొమ్మల గుబురు ఎంత బరువు అన్నవి చూడాలి. ఖాళీ అయిన చోట మళ్లీ మొక్క నాటేవారు ‘ఏ జాతి?’ అనడానికి ముందు ‘ఏ పనికి?’ అని అడగాల్సింది అందుకే.