రాయలవారు మన చెక్క స్పూనుతో తిన్నారా?

ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఉదయగిరి చెక్క స్పూన్లు అమ్మేచోట ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది: "శ్రీకృష్ణదేవరాయల కాలం నుంచి వస్తున్న అయిదు వందల ఏళ్ళ కళ." రాయలవారు 1514లో గజపతుల నుంచి ఉదయగిరి దుర్గం గెలుచుకున్నమాట నిజమే. కానీ కొండ మీద కోట పాతదైతే కొండ కింద చెక్కే స్పూను కూడా పాతదేనా? ఆ లెక్కన మా ఇంటి బాత్‌రూము కూడా రాయలవారు కట్టించిందే.

"జీఐ గుర్తింపు ఉందిగా అక్కా" అంటారు. ఉంది. 1999 నాటి చట్టం ప్రకారం వచ్చే ఆ గుర్తింపు వస్తువుకీ ఊరికీ ఉన్న సంబంధం చెబుతుంది. మీ ఇంట్లో ఆ పని ఎన్ని తరాలుగా ఉందో చెప్పదు. పైగా ఆ పేరు వాడుకునే హక్కు కావాలంటే తయారుచేసేవాళ్ళు విడిగా నమోదు చేయించుకోవాలి. అది లేకుండా బొమ్మ పక్కన "జీఐ" అని పెట్టుకోకూడదు.

మా వీధిలో ఒక కోడలు స్పూన్ల సెట్టు అమ్మకానికి పెడుతూ "తరతరాల వారసత్వం" అని రాసింది. ఎన్ని తరాలమ్మా అంటే తెలియదంది. వాళ్ళ అత్తగారినే అడిగాం. పెద్దవాళ్ళకు సంవత్సరం గుర్తుండదు, ఇంట్లో, ఊళ్ళో జరిగిన సంగతి గుర్తుంటుంది. "రామారావు ముఖ్యమంత్రి అయిన ఏడాది, పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు పక్కింటావిడ దగ్గర నేర్చుకున్నా" అందావిడ. అంటే 1983. పక్కింటావిడకు ఎవరు నేర్పారో ఈవిడకు తెలియదు.

అప్పుడు ఇలా మార్చి రాశాం: "మా అత్తగారు 1983లో ఉదయగిరిలో పక్కింటావిడ దగ్గర ఈ పని నేర్చుకున్నారు. ఆమె నాకు నేర్పారు. చెక్కను మిషను మీద కోయిస్తాం. ఆకురాయితో అరగదీసి నునుపు చేసేదీ, పిడి మీద చెక్కేదీ మా ఇద్దరమే."

మిషను మాట తీసెయ్యమని ఆ పిల్ల గొడవ చేసింది. "మొత్తం చేత్తోనే" అంటే ఎక్కువ ధర వస్తుందట. రావచ్చు. కానీ కొన్నావిడ నాలుగు స్పూన్లు పక్కపక్కన పెడితే కోత అంతా ఒకే కొలతలో ఉండటం కనపడదా? అప్పుడు అత్తగారు నిజంగా చేత్తో చెక్కిన పిడిని కూడా నమ్మదు.

నా కోపం అంతా ఇక్కడే. అయిదు వందల ఏళ్ళు అని రాసినప్పుడు మాయమయ్యేది అత్తగారి నలభై ఏళ్ళ చాకిరీ, పొరుగింటావిడ డబ్బు తీసుకోకుండా నేర్పిన పని. ఆ ఇద్దరు ఆడవాళ్ళను చెరిపేసి ఆ చోట రాజుగారిని కూర్చోబెడుతున్నాం, ఆయన ఏనాడూ ఆకురాయి పట్టకపోయినా.

పచ్చళ్ళ సీసాల మీద "అమ్మమ్మ చేతి వంట" అని రాసేవాళ్ళనూ ఇదే అడుగుతాను. ఏ అమ్మమ్మ? ఏ ఊరు? టీవీ చూసి నేర్చుకున్నదైతే ఆ ముక్కే రాయండి, పచ్చడి బాగుంటే మళ్ళీ తెప్పించుకుంటాం.