బాల్యం అధ్యాయంలో క్రియలు, మాటలు

ఆత్మకథల చిత్తుప్రతుల్లో బాల్యం గురించిన అధ్యాయమే ఎక్కువ దిద్దుబాటు కోరుతుంది. అందులో మూడు రకాల జ్ఞాపకాలు కలిసి ఉంటాయి. రోజూ జరిగినవి కొన్ని, ఒక్కసారి జరిగినవి కొన్ని, పెద్దవాళ్లు చెప్పగా విన్నవి మరికొన్ని. తెలుగు క్రియకు ఈ మూడింటికీ వేర్వేరు రూపాలున్నాయి. కాలం తప్పిందంటే చాలాసార్లు ఒక రకం జ్ఞాపకానికి మరో రకం రూపం తగిలిందని అర్థం.

ఈ చిత్తు పేరా చూడండి: ‘తాతయ్య రోజూ తెల్లవారుజామునే లేచేవాడు. చెరువుకు వెళ్లి స్నానం చేస్తాడు. నన్ను కూడా లేపాడు. నేను పుట్టిన ఏడాది ఆ చెరువు గట్టు తెగింది. ఒకరోజు తాతయ్య నేను నీళ్లలోకి దిగకూడదని చెప్పాడు. తను రేపు నాకు ఈత నేర్పిస్తాడని అన్నాడు. నేను ఎందుకు ఏడుస్తున్నానని అమ్మ అడిగింది.’

మొదటి వాక్యం అలవాటు చెబుతోంది. రెండోదీ అలవాటే, కానీ క్రియ ‘చేస్తాడు’ అయింది. ఈ పొరపాటుకు కారణముంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తద్ధర్మాన్ని, భవిష్యత్తును వేరుగా చెబుతుంది. నేటి వాడుకలో మాత్రం ‘చేస్తాడు’ అనే ఒక్క రూపమే రెండింటికీ పనిచేస్తోంది. రాసేవారి మనసు అలవాటు మీదికి పోగానే చేయి ఆ రూపం మీదికి పోతుంది. గడిచిపోయిన అలవాటుకు ‘చేసేవాడు’ కావాలి. ‘లేపాడు’ అంటే ఒక్క రోజే లేపినట్టు. అది ‘లేపేవాడు’ కావాలి. అయితే ప్రతి వాక్యమూ ‘వాడు’తో ముగిస్తే చెవికి మొత్తినట్టుంటుంది. దీనికి మందు తెలుగులోనే ఉంది. ‘లేచి, వెళ్లి, చేసి’ వంటి అసమాపక క్రియలు చివరి క్రియ కాలాన్నే తీసుకుంటాయి కనుక, చివర ఒక్క ‘వచ్చేవాడు’ చాలు.

గట్టు తెగిన వాక్యం ఇంకా సూక్ష్మమైనది. వ్యాకరణపరంగా తప్పేమీ లేదు. కానీ పుట్టిన ఏడాది సంగతి రచయిత చూసి ఉండడు. ‘తెగిందట’ అంటే చాలు, అది ఇంట్లో విన్న మాట అవుతుంది. ఆ ఒక్క ‘ట’ వాక్యానికి నిజాయితీ ఇస్తుంది. విన్న కథ పేజీ పొడవునా సాగితే మాత్రం ‘అమ్మమ్మ చెప్పేది’ అని మొదట్లోనే చెప్పి, తర్వాత మామూలు భూతకాలంలో నడపడం మంచిది.

ఇక ఇతరుల మాటలు. ఇంగ్లీషు బడిలో పరోక్ష కథనం నేర్చినవారు మాట చెప్పినవారి క్రియను కూడా ప్రథమపురుషలోకి మార్చేస్తారు. తెలుగు అలా అడగదు. తాతయ్య నోట వచ్చింది ‘నేర్పిస్తాను’, కాబట్టి ‘నేర్పిస్తానన్నాడు’. ‘నేర్పిస్తాడని’ అంటే మరెవరో నేర్పిస్తారన్న అర్థం వస్తుంది. ‘రేపు’ కూడా ఆయన మాటలోదే కనుక ఉండొచ్చు. రచయిత సొంత కథనంలో అయితే అది ‘మర్నాడు’ అవుతుంది. ఆజ్ఞకూ నిషేధానికీ తెలుగులో సిద్ధంగా రూపాలున్నాయి: రమ్మంది, తెమ్మన్నాడు, దిగొద్దన్నాడు. ‘నేను దిగకూడదని చెప్పాడు’ అన్నది అనువాదపు నడక. అమ్మ ప్రశ్న కూడా ‘ఎందుకేడుస్తున్నావని’ అనే ఉండాలి.

ఆత్మకథకే ప్రత్యేకమైన చిక్కు ‘నేను’తో వస్తుంది. ‘నేను గెలుస్తానని అన్నయ్య అన్నాడు’ అంటే గెలిచేది అన్నయ్యా, కథ చెబుతున్నవాడా? అన్నయ్యే అయితే ‘తాను గెలుస్తానని’ అనాలి. కథ చెబుతున్నవాడే అయితే ‘నువ్వు గెలుస్తావని అన్నయ్య నాతో అన్నాడు’ అనాలి. ఇక్కడ ఊహించి దిద్దకూడదు, రచయితనే అడగాలి.

దిద్దిన పేరా ఇది: ‘తాతయ్య రోజూ తెల్లవారుజామునే లేచి, చెరువుకు వెళ్లి స్నానం చేసి వచ్చేవాడు. నన్నూ లేపేవాడు. నేను పుట్టిన ఏడాది ఆ చెరువు గట్టు తెగిందట. ఒకరోజు తాతయ్య నన్ను నీళ్లలోకి దిగొద్దన్నాడు. రేపు ఈత నేర్పిస్తానన్నాడు. ఎందుకేడుస్తున్నావని అమ్మ అడిగింది.’

కాలంలో వచ్చే అన్ని మార్పులూ తప్పులు కావు. ‘ఆ చెరువు ఇప్పటికీ ఉంది’ అన్నచోట వర్తమానమే సరైనది. పిల్లవాడు నీళ్లలో మునిగిన క్షణాన్ని ‘కాలు జారుతుంది, నీళ్లు ముక్కులోకి పోతాయి’ అని రాయడమూ బలమైన పద్ధతే. గుర్తు పట్టే దారి ఒకటుంది: ఆ ఘట్టమంతా అదే కాలంలో సాగి, పేరా దగ్గర మొదలై పేరా దగ్గర ముగిస్తే అది ఎంచుకున్నది. మధ్యలో ఒక్క క్రియే మారితే జారినది. ‘వస్తా’, ‘వస్త’ అన్న యాస మాటలను ‘వస్తాను’గా మార్చే పని కూడా సంపాదకుడిది కాదు.